పెట్టెలో డబ్బు ఎన్ని నెలలు వస్తుంది?

నందికొట్కూరు నంద్యాల జిల్లాలో ఉంది. 2022కు ముందు కర్నూలు జిల్లాలో ఉండేది. ఆ ఊరిలో ఒక పొదుపు సంఘం ఉందనుకుందాం. సంఘంలో పది మంది ఆడవాళ్ళు. వాళ్ళు మినప అప్పడాల యూనిట్టు పెట్టారు. సంఘమూ, దాని లెక్కా ఇక్కడ నేర్చుకోవడానికి అనుకున్నవే. కానీ ఇలాంటి లెక్క ఏ ఊరిలోనైనా, ఏ సరుకుకైనా పనికొస్తుంది.

పది మందీ తలా 6,000 రూపాయలు వేశారు. మొత్తం 60,000 అయింది. పిండి కలిపే మిషనుకు బ్యాంకు అప్పు ఇచ్చింది. గది అడ్వాన్సుకు, కాటాకు, గిన్నెలకు, ఆరబెట్టే తట్టలకు 24,000 ఖర్చయింది. ఇక పెట్టెలో 36,000 మిగిలింది.

పని మొదలు పెట్టే ముందు సంఘం రెండు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: నెలకు ఎన్ని ప్యాకెట్లు అమ్మితే చేతి డబ్బు పడకుండా ఉంటుంది?

రెండో ప్రశ్న: అన్ని ప్యాకెట్లు అమ్ముడుపోయే దాకా పెట్టెలో డబ్బు వస్తుందా?

చాలా యూనిట్లు మొదటి ప్రశ్న వేసుకుంటాయి. రెండోది మరిచిపోతాయి. సరుకు బాగానే ఉంటుంది. కొనేవాళ్ళూ ఉంటారు. అయినా మూడో నెలలో పప్పు కొనడానికి డబ్బు ఉండదు. యూనిట్టు ఆగిపోతుంది. అది ఎందుకు జరుగుతుందో లెక్క వేస్తే ముందే తెలుస్తుంది.

ఖర్చులు రెండు రకాలు

యూనిట్టు ఖర్చులను రెండు కుప్పలుగా విడదీయాలి.

ఒకటి ప్యాకెట్టు ఖర్చు. ప్యాకెట్టు చేస్తేనే ఈ ఖర్చు వస్తుంది. చేయకపోతే రాదు. పప్పు, ఉప్పు, మిరియాలు, కవరు, ఒత్తే కూలి ఇందులోకి వస్తాయి.

రెండోది నెల ఖర్చు. ఒక్క ప్యాకెట్టు చేయకపోయినా ఈ ఖర్చు తప్పదు. గది బాడుగ, కరెంటు బిల్లు, బ్యాంకు కంతు ఇందులోకి వస్తాయి. అమ్మకం లేదని గది యజమాని బాడుగ మానుకోడు కదా!

ఈ రెండు కుప్పలనూ కలిపేస్తే లెక్క తప్పుతుంది. అందుకే నోటుబుక్కులో ఎడమ పేజీలో ప్యాకెట్టు ఖర్చు రాయాలి. కుడి పేజీలో నెల ఖర్చు రాయాలి.

ఒక ప్యాకెట్టుకు ఎంత ఖర్చు?

ఇది ఊహించి రాసే లెక్క కాదు. చేసి చూసి రాసే లెక్క. ముందు 10 కిలోల పప్పుతో ఒకసారి అప్పడాలు చేయాలి. విరిగినవి, మాడినవి, సరిగా ఆరనివి పక్కకు తీసేయాలి. మిగిలిన మంచి అప్పడాలను తూకం వేసి 200 గ్రాముల ప్యాకెట్లు కట్టాలి. ఎన్ని ప్యాకెట్లు వచ్చాయో లెక్కపెట్టాలి.

సంఘానికి 60 మంచి ప్యాకెట్లు వచ్చాయనుకుందాం. పప్పు కిలో 120 రూపాయలు. 10 కిలోలకు 1,200. దాన్ని 60 ప్యాకెట్లకు పంచితే ప్యాకెట్టుకు 20 రూపాయలు పడింది. విరిగిన అప్పడాల పప్పు ఖర్చు కూడా ఇందులోనే కలిసిపోయింది. కాబట్టి దాన్ని వేరుగా రాయనక్కర్లేదు.

ఎడమ పేజీలో ఇలా రాశారు:

పప్పు – 20 రూపాయలు
ఉప్పు, సోడా, మిరియాలు, జీలకర్ర, నూనె – 5 రూపాయలు
కవరు, లేబులు – 4 రూపాయలు
ఒత్తే కూలి – 10 రూపాయలు
అంగడికి చేర్చే ఆటో బాడుగ – 1 రూపాయి
మొత్తం – 40 రూపాయలు

ఈ ధరలు లెక్క కోసం తీసుకున్నవి. ఎవరి ఊరి ధర వాళ్ళు రాసుకోవాలి.

సంఘంలో ఒకామెకు ఇక్కడ అనుమానం వచ్చింది.

“అక్కా, ఒత్తేది మనమే కదా! మనకు మనమే కూలి రాసుకునేదేంది? ఆ పది రూపాయలు తీసేస్తే పోలా?”

సంఘం పెద్ద ఇలా చెప్పింది. “తీసేస్తే లెక్క తేలికగానే ఉంటాది చిన్నమ్మా. అయితే చేనికి పోతే కూలి వస్తాది. ఇక్కడ రాకపోతే ఎన్నాళ్ళు కూర్చుంటారు? రెండు నెలలు కూర్చుంటారు. మూడో నెల చేనికి పోతారు. అప్పుడు అప్పడాలు ఒత్తేదెవరు?”

ఆమె మాట నిజం. సొంత చాకిరీకి కూలి రాయకపోతే, నష్టం వచ్చే యూనిట్టు కూడా లాభం వచ్చినట్టే కనబడుతుంది.

గట్టెక్కే సంఖ్య

అంగడివాడు ఒక ప్యాకెట్టుకు 60 రూపాయలు ఇస్తాడు. ఆ పైన తన లాభం వేసుకుని అమ్ముకుంటాడు. సంఘం లెక్కలోకి వచ్చేది ఆ 60 మాత్రమే. అంగడిలో కొనేవాళ్ళు ఎంత ఇచ్చినా ఆ ధర సంఘం లెక్కలోకి రాదు.

60 లోంచి ప్యాకెట్టు ఖర్చు 40 తీసేస్తే 20 మిగులుతుంది. ఈ 20 రూపాయలు లాభం కాదు. ఇది నెల ఖర్చు తీర్చడానికి వచ్చే మిగులు. నెల ఖర్చు తీరిన తరువాతే లాభం మొదలవుతుంది.

కుడి పేజీలో నెల ఖర్చు ఇలా ఉంది:

గది బాడుగ – 3,000 రూపాయలు
కరెంటు, ఫోను – 1,000 రూపాయలు
లెక్కలు రాసి అంగళ్ళకు తిరిగే ఆమెకు – 4,500 రూపాయలు
బ్యాంకు కంతు – 3,000 రూపాయలు
మిషను రిపేరుకు పక్కన పెట్టేది – 500 రూపాయలు
మొత్తం – 12,000 రూపాయలు

ఇప్పుడు ఒక్క భాగహారం చాలు. నెల ఖర్చు 12,000ను ప్యాకెట్టు మిగులు 20తో భాగించాలి. 600 వచ్చింది.

అంటే నెలకు 600 ప్యాకెట్లు అమ్మితే సంఘానికి లాభమూ లేదు, నష్టమూ లేదు. ఇదే గట్టెక్కే సంఖ్య. బ్యాంకువాళ్ళు దీన్ని బ్రేక్ ఈవెన్ అంటారు. వాళ్ళు కంతులో వడ్డీని మాత్రమే ఖర్చుగా రాస్తారు. అసలును ఖర్చు అనరు. కానీ సంఘానికి రెండూ పెట్టెలోంచే పోతాయి. అందుకే ఇక్కడ కంతు మొత్తం రాసింది.

600 అంటే పెద్ద సంఖ్య లాగా ఉంది. నెలకు 25 రోజులు పని చేస్తే రోజుకు 24 ప్యాకెట్లు. 24 ప్యాకెట్లంటే 5 కిలోలకు కొంచెం తక్కువ. చేయడం కష్టం కాదు. అమ్మడమే కష్టం. ఒక అంగడి వారానికి 10 ప్యాకెట్లు తీసుకుంటే నెలకు 40. అలాంటి అంగళ్ళు 15 ఉంటే 600 అవుతాయి. కాబట్టి “600 ప్యాకెట్లు చేయగలమా?” అని కాదు, “15 అంగళ్ళు దొరుకుతాయా?” అని అడగాలి. నందికొట్కూరులో ఎన్ని అంగళ్ళు, ఎన్ని హోటళ్ళు తీసుకుంటాయో మిషను కొనక ముందే తిరిగి కనుక్కోవాలి.

ఇంకో మాట కూడా దాచకూడదు. రోజుకు 24 ప్యాకెట్లు ఒత్తితే మొత్తం కూలి 240 రూపాయలే. అది పది మందికి పంచేంత కాదు. గట్టెక్కే సంఖ్య దగ్గర యూనిట్టు బతుకుతుంది, అంతే. పది మంది బతకాలంటే దానికంటే చాలా ఎక్కువ అమ్మాలి.

సొంత కూలి రాయకపోతే ఏమయ్యేదో ఇప్పుడు చూడండి. మిగులు 20 బదులు 30 కనబడేది. 12,000ను 30తో భాగిస్తే 400 వచ్చేది. 400 ప్యాకెట్లు అమ్మి గట్టెక్కామని సంఘం సంబరపడేది. నిజానికి ఆ నెల ఒత్తినవాళ్ళందరూ ఊరికే చాకిరీ చేసినట్టు!

ఐదు రూపాయల బరువు

ఒక అంగడివాడు అన్నాడు. “ఐదు రూపాయలు తగ్గించమ్మా. 55కు ఇస్తే తీసుకుంటా.” ఐదు రూపాయలే కదా అని సంఘం ఒప్పుకుంది.

60 లోంచి 5 తగ్గితే చాలా చిన్న తగ్గింపు అనిపిస్తుంది. కానీ ఆ 5 పోయేది 60 లోంచి కాదు, మిగులు 20 లోంచి. మిగులు 15 అయిపోయింది. 12,000ను 15తో భాగిస్తే 800. అందరికీ 55కే ఇస్తే గట్టెక్కడానికి నెలకు 200 ప్యాకెట్లు ఎక్కువ అమ్మాలి. ఇంకో ఐదు అంగళ్ళు వెతకాలి.

పప్పు ధర పెరిగినా ఇంతే. కిలో 120 నుంచి 150 అయితే, 10 కిలోలకు 1,500. ప్యాకెట్టుకు పప్పు ఖర్చు 25. మిగులు 15. మళ్ళీ 800 ప్యాకెట్లు.

అందుకే పప్పు ధర మారినప్పుడల్లా గట్టెక్కే సంఖ్యను కొత్తగా వేసుకోవాలి. పని మొదలు పెట్టిన రోజు వేసిన లెక్క ఏడాదంతా చెల్లదు. ధర తగ్గించమని అడిగినవారికి బదులు చెప్పే ముందు కూడా ఈ భాగహారం చేసి చూసుకోవాలి.

పెట్టె ఎన్ని నెలలు?

ఇక రెండో ప్రశ్న. 600 ప్యాకెట్లు మొదటి నెలలోనే అమ్ముడుపోవు. కొత్త సరుకును జనం మెల్లగా నమ్ముతారు. మొదటి నెల 200, రెండో నెల 300, మూడో నెల 400, నాలుగో నెల 500, ఐదో నెల 600 అమ్ముడుపోతాయనుకుందాం.

మొదటి నెల 200 ప్యాకెట్లకు మిగులు 4,000. నెల ఖర్చు 12,000. ఇంకా 8,000 తక్కువ. ఈ 8,000 పెట్టెలోంచి తీయాలి.

పెట్టెలో 36,000 ఉంది. నెలకు 8,000 చొప్పున పోతుంటే ఎన్ని నెలలు వస్తుంది? 36,000ను 8,000తో భాగిస్తే నాలుగున్నర. అంటే అమ్మకం 200 దగ్గరే నిలిచిపోతే, ఐదో నెల మధ్యలో పెట్టె ఖాళీ.

కానీ అమ్మకం నెలనెలా పెరుగుతుంది కదా! కాబట్టి తక్కువ పడేది నెలనెలా తగ్గుతుంది.

మొదటి నెల – 8,000 తక్కువ
రెండో నెల – 6,000 తక్కువ
మూడో నెల – 4,000 తక్కువ
నాలుగో నెల – 2,000 తక్కువ
ఐదో నెల – సరికి సరి

నాలుగు నెలలకూ కలిపితే 20,000. పెట్టెలో ఉన్నది 36,000. గట్టెక్కాక కూడా 16,000 మిగులుతుంది. సంఘం ఊపిరి పీల్చుకుంది.

ఈ లెక్కలో తప్పు లేదు. కానీ ఇందులో ఒక షరతు దాగి ఉంది. అంగడివాళ్ళు ప్యాకెట్టు తీసుకున్న వెంటనే డబ్బు ఇస్తేనే ఈ లెక్క నిలుస్తుంది.

అరువు పెడితే ఏమవుతుంది?

అంగడివాళ్ళు అంటారు. “అమ్ముడుపోయాక ఇస్తా. వచ్చే నెల రామ్మా.” కొత్త సరుకు కాబట్టి సంఘం కాదనలేదు. ఈ నెల ఇచ్చిన సరుకుకు వచ్చే నెల డబ్బు వస్తుంది. అమ్మకం పైన చెప్పినంతే. ధర కూడా అంతే. ఇప్పుడు పెట్టెను చూద్దాం.

మొదటి నెల. 200 ప్యాకెట్లకు ఖర్చు 8,000. నెల ఖర్చు 12,000. మొత్తం 20,000 పోయింది. వచ్చింది సున్న. పెట్టెలో 36,000 ఉండేది, 16,000 అయింది.

రెండో నెల. 300 ప్యాకెట్లకు ఖర్చు 12,000. నెల ఖర్చు 12,000. మొత్తం 24,000 పోయింది. మొదటి నెల సరుకు డబ్బు 12,000 వచ్చింది. పెట్టెలోంచి ఇంకో 12,000 తగ్గింది. ఇక మిగిలింది 4,000.

మూడో నెల. 400 ప్యాకెట్లకు ఖర్చు 16,000. నెల ఖర్చు 12,000. మొత్తం 28,000 కావాలి. రెండో నెల సరుకు డబ్బు 18,000 వచ్చింది. పెట్టెలోని 4,000 కలిపితే 22,000. ఇంకా 6,000 తక్కువ.

మూడో నెలలో పెట్టె ఖాళీ అయిపోయింది!

“అమ్మకం పెరుగుతా ఉంది కదక్కా, మరి డబ్బు యాడికి పోయింది?” అని ఒకామె అడిగింది.

డబ్బు ఎక్కడికీ పోలేదు. ఎవరూ తినలేదు. అది అంగళ్ళలో ఉంది. పుస్తకంలో రాబడిగా ఉంది. పెట్టెలో లేదు. పుస్తకంలో ఉన్న డబ్బుతో పప్పు కొనలేరు. ఇలాంటప్పుడే సంఘాల్లో ఒకరి మీద ఒకరికి అనుమానం పుడుతుంది. ఏ అంగడిలో ఎంత బాకీ ఉందో వేరే పేజీలో రాసి, నెలనెలా అందరికీ చదివి వినిపిస్తే ఆ అనుమానానికి తావుండదు.

ఇంకా ముందుకు పోతే లెక్క ఇలా ఉంటుంది. నాలుగో నెలలో మరో 8,000 తక్కువ పడుతుంది. ఐదో నెలలో మరో 6,000. ఆరో నెల నుంచి వచ్చేదీ పోయేదీ సమానం. అప్పటికి 36,000 కాకుండా ఇంకో 20,000 కావాలి. అంటే మొత్తం 56,000.

రొక్కానికి అమ్మితే 20,000 చాలింది. నెల అరువుకు అమ్మితే 56,000 కావాల్సి వచ్చింది. తేడా 36,000. ఈ 36,000 ఏమిటి? 600 ప్యాకెట్లను 60 రూపాయలతో గుణించి చూడండి. సరిగ్గా 36,000 వస్తుంది. ఒక నెల సరుకు డబ్బు ఎప్పుడూ అంగళ్ళలోనే ఉండిపోతుంది. పాత బాకీ వచ్చేలోగా కొత్త బాకీ ఏర్పడుతుంది. అరువు ఉన్నంత కాలం అది సంఘం చేతికి రాదు.

అంటే సంఘం అంగడివాళ్ళకు వడ్డీ లేకుండా అప్పు ఇస్తున్నట్టు. అది కూడా బ్యాంకులో తాను వడ్డీకి తెచ్చుకుని!

అరువును చిన్నది చేయడం

అరువే వద్దంటే కొత్త సరుకును చాలా అంగళ్ళు ముట్టుకోవు. కాబట్టి అరువు మానడం కంటే అరువు గడువు తగ్గించడం కుదిరే పని.

ఒక పద్ధతి ఉంది. వారానికి ఒకసారి సరుకు వేయాలి. కొత్త సరుకు దించే ముందు పోయిన వారం సరుకు డబ్బు తీసుకోవాలి. అమ్ముడుపోని ప్యాకెట్లు ఉంటే అవి లెక్కపెట్టి, ఆ మేరకే కొత్తవి ఇవ్వాలి. అంగడివాడికి కూడా ఒక్కసారే పెద్ద మొత్తం ఇచ్చే బాధ ఉండదు.

ఇలా చేస్తే అంగళ్ళలో ఉండేది ఒక వారం సరుకు డబ్బే. నెలకు 600 అంటే వారానికి దాదాపు 150 ప్యాకెట్లు. వాటి విలువ 9,000. రొక్కం లెక్కలో కావాల్సిన 20,000కు ఈ 9,000 కలిపితే 29,000. సంఘం పెట్టెలో ఉన్నది 36,000. ఇక పెట్టె ఖాళీ కాదు. ధర మార్చలేదు. అమ్మకం పెరగలేదు. వసూలు రోజు మాత్రమే మారింది.

పప్పు విషయంలో కూడా ఇలాగే ఆలోచించాలి. ఒకేసారి నాలుగు మూటలు కొంటే కిలోకు కొంత తగ్గుతుంది. కానీ ఆ డబ్బంతా మూటల్లో ఇరుక్కుంటుంది. 50 కిలోల మూట 6,000 రూపాయలు. నాలుగు మూటలంటే 24,000. మొదటి నెలలో పెట్టెలోని 36,000 లోంచి 24,000 పప్పుకే పెడితే బాడుగకు, కంతుకు కటకట అవుతుంది. గట్టెక్కే దాకా పదిహేను రోజులకు సరిపోయే పప్పు కొనుక్కోవడమే మేలు.

వాన నెలల లెక్క

అప్పడాలకు ఇంకో గండం ఉంది. అది వాన.

1959 మార్చి 15న బొంబాయిలోని గిర్గాంలో ఏడుగురు ఆడవాళ్ళు ఒక మేడ మీద కూర్చుని అప్పడాలు ఒత్తడం మొదలు పెట్టారు. వాళ్ళు తెచ్చుకున్న అప్పు 80 రూపాయలు. మొదటి రోజు నాలుగు ప్యాకెట్లు చేశారు. అదే తరువాత లిజ్జత్ పాపడ్ అయింది. మొదట కూర్చున్న ఏడుగురిలో ఒకరైన జశ్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ వచ్చింది.

అయితే మొదటి ఏడాది వాళ్ళు నాలుగు నెలలు పని ఆపాల్సి వచ్చింది. వానలకు అప్పడాలు ఆరలేదు. మరుసటి ఏడాది ఒక మంచం, ఒక పొయ్యి కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచి, కింద పొయ్యి పెట్టి ఆరబెట్టారు. వాన కురుస్తున్నా పని ఆగలేదు.

వాళ్ళు ఇంటి మేడ మీద మొదలు పెట్టారు. చిన్న అప్పుతో మొదలు పెట్టారు. నందికొట్కూరు సంఘానికి గది బాడుగ ఉంది, కంతు ఉంది. నాలుగు నెలలు పని ఆగితే ఏమవుతుంది?

పని ఆగితే పప్పు కొనక్కర్లేదు, ఒత్తే కూలి ఇవ్వక్కర్లేదు. ప్యాకెట్టు ఖర్చు సున్న. కానీ నెల ఖర్చు 12,000 ఆగదు. నాలుగు నెలలకు 48,000. పెట్టెలో 36,000 ఉంటే మూడు నెలలే వస్తుంది. నాలుగో నెల బాడుగ ఎవరిస్తారు?

నందికొట్కూరు వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానల కాలం. వానాకాలం ముందర, మే నెలలో యూనిట్టు మొదలు పెడితే పెట్టె నిండుగా ఉన్నప్పుడే వాన దెబ్బ తగులుతుంది. అమ్మకం ఇంకా పెరగలేదు, అప్పడాలు ఆరడం లేదు. రెండు కష్టాలు ఒకేసారి వస్తాయి. వానలు వెనకబట్టాక మొదలు పెడితే, మళ్ళీ వానలు వచ్చేలోగా గట్టెక్కడానికి ఆరేడు నెలలు దొరుకుతాయి. అదీ కుదరకపోతే, ఆరబెట్టే ఏర్పాటు ఖర్చును మొదటే లెక్కలో రాసుకోవాలి.

తొందరపడి సరిగా ఆరని అప్పడాలు కవరులో వేస్తే బూజు పడుతుంది. ఆ ప్యాకెట్లు అంగడి నుంచి తిరిగి వస్తాయి. ఒక ప్యాకెట్టు తిరిగి వస్తే పోయేది మిగులు 20 మాత్రమే కాదు, ఖర్చు పెట్టిన 40 కూడా పోతుంది. ఆ 40 పూడాలంటే ఇంకో రెండు మంచి ప్యాకెట్లు అమ్మాలి. ఆ అంగడివాడు మళ్ళీ తీసుకోకపోతే ఆ నష్టం వేరు.

ఆగి ఆలోచించే గీత

పెట్టె ఖాళీ అయ్యాక కూర్చుని మాట్లాడుకుంటే లాభం లేదు. అప్పుడు మిగిలేది చేబదులు, వడ్డీ వ్యాపారి. అందుకే ముందే ఒక గీత గీసుకోవాలి.

సంఘం ఇలా తీర్మానం రాసుకోవచ్చు: “పెట్టెలో డబ్బు రెండు నెలల ఖర్చు కంటే తగ్గితే పది మందీ కూర్చోవాలి.” రెండు నెలల ఖర్చంటే 24,000. ఆ రోజు పెట్టెలో ఇంకా డబ్బు ఉంటుంది. కాబట్టి ఆలోచించడానికి వ్యవధి ఉంటుంది.

అప్పుడు మూడు సంగతులు చూడాలి. అమ్మకం అనుకున్నట్టు పెరుగుతోందా? అంగళ్ళ బాకీ ఎంత ఉంది? ప్యాకెట్టు మిగులు ఇంకా 20 ఉందా, తగ్గిందా?

అమ్మకం పెరుగుతోంది, బాకీ ఎక్కువ ఉంది అంటే జబ్బు వసూలులో ఉంది. వసూలు చేస్తే యూనిట్టు బతుకుతుంది. మిగులు తగ్గింది అంటే జబ్బు ధరలోనో, పప్పులోనో, విరుగుడులోనో ఉంది. మళ్ళీ 10 కిలోలతో చేసి చూడాలి. 60 బదులు 50 మంచి ప్యాకెట్లే వస్తే పప్పు ఖర్చు 20 నుంచి 24 అయిందన్నమాట. ఇక అమ్మకమే మూడు నెలలుగా 200 దగ్గర నిలిచిపోయి ఉంటే, వసూలుతో తీరే కష్టం కాదు అది. నెల ఖర్చు తగ్గించుకోవాలి. గది వదిలి ఇంట్లో చేయాలి. లేదా పెట్టెలో ఉన్నది తలా పంచుకుని ఆపేయాలి. మిగిలిన డబ్బుతో ఆపేయడం, అప్పులతో ఆపేయడం కంటే మేలు.

నెలకు ఒక రోజు, ఒకే తేదీన, నాలుగు అంకెలు రాస్తే ఈ లెక్కంతా చేతిలో ఉన్నట్టే. ఎన్ని ప్యాకెట్లు అమ్మారు, పెట్టెలో ఎంత ఉంది, అంగళ్ళ బాకీ ఎంత, ఈ నెల పెట్టెలోంచి ఎంత తగ్గింది. పెట్టెలో ఉన్నదాన్ని తగ్గినదానితో భాగిస్తే, ఇంకా ఎన్ని నెలలు వస్తుందో తెలుస్తుంది.

లెక్క వేసి చూడండి

ఒక సంఘం విస్తర్లు కుడుతుంది. ఒక కట్ట 50 రూపాయలకు అమ్ముతుంది. కట్టకు అయ్యే ఖర్చు 35 రూపాయలు. నెల ఖర్చు 6,000. పెట్టెలో 18,000 ఉంది.

1. నెలకు ఎన్ని కట్టలు అమ్మితే గట్టెక్కుతుంది?
2. నెలకు 200 కట్టలే రొక్కానికి అమ్ముడుపోతుంటే పెట్టె ఎన్ని నెలలు వస్తుంది?
3. కట్టకు 5 రూపాయలు తగ్గిస్తే గట్టెక్కే సంఖ్య ఎంత అవుతుంది?

జవాబులు: 1. 400 కట్టలు. 2. ఆరు నెలలు. 3. 600 కట్టలు.